జతకట్టి చూస్తే బయటపడే రొద

కరెంటు లైను చివర ఉండే ఇంట్లో వోల్టేజి ఒకచోట నిలవదు. పక్క చేలో మోటారు వేయగానే బల్బు మసకబారుతుంది. అలాంటి ఇంట్లో సెకనుకోసారి వోల్టేజి కొలిచి రాసిపెట్టే చిన్న పరికరం పెట్టామనుకుందాం. మోటారు వేయకముందు అది 230 చూపించాలి, వేశాక 214 చూపించాలి. కానీ పరికరం అంత బుద్ధిగా ఉండదు. సరఫరా నిలకడగా ఉన్నా ఒకసారి 231 అంటుంది, మరోసారి 228 అంటుంది. ఇలా ఒకటి రెండు వోల్టుల మేర అటూ ఇటూ ఊగే ఈ పనికిరాని కదలికనే ఇంజినీర్లు నాయిస్ అంటారు. తెలుగులో రొద అనుకోవచ్చు.

ఈ రొదను తీసేయాలి. అలాగని మోటారు ఏ సెకనులో ఆన్ అయిందో చెప్పే ఆ పదహారు వోల్టుల పతనాన్ని చెడగొట్టకూడదు. చిక్కంతా ఇక్కడే ఉంది. పక్కపక్క కొలతలను కలిపి సగటు తీస్తే రొద తగ్గుతుంది, నిజమే. కానీ పతనం దగ్గర 230నీ 214నీ కలిపితే 222 వస్తుంది. ఆ ఇంట్లో 222 వోల్టులు ఏ సెకనులోనూ లేవు. రొదా అంచూ రెండూ గబుక్కున మారేవే కాబట్టి సగటుకు వాటి మధ్య తేడా తెలియదు.

ఆ తేడా తెలిసేలా చేసే పద్ధతుల్లో అన్నిటికన్నా చిన్నది హార్ వేవ్‌లెట్. కూడిక, తీసివేత, సగం చేయడం వస్తే చాలు, కాగితం మీదే చేసేయొచ్చు. చేసి చూద్దాం. ఇవిగో పదహారు సెకన్ల కొలతలు:

```
231 228 232 231 228 231 229 228
231 214 212 213 216 214 215 213
```

ఇవి లెక్క కోసం తయారుచేసుకున్న అంకెలు. అసలు విలువలు మొదటి తొమ్మిది సెకన్లలో 230, తర్వాతి ఏడు సెకన్లలో 214. వాటికి ఒకటి రెండు వోల్టుల రొద కలిపాం. నిజం ముందే తెలుసు కాబట్టి, శుభ్రం చేశాక ఎంత బాగుపడిందో కొలవొచ్చు. ప్రతి కొలతకూ నిజానికీ ఉన్న తేడాను వర్గం చేసి అన్నీ కూడితే 32 వస్తుంది. ఈ 32ను గుర్తుంచుకోండి. ఏ పద్ధతి పనితనాన్నైనా దీనితోనే పోల్చి చూస్తాం.

ఇప్పుడు కొలతలను వరసగా రెండేసి చొప్పున జతలు కట్టాలి. ప్రతి జతకూ రెండు అంకెలు రాసుకోవాలి: రెండింటి సగటు ఒకటి, రెండింటి తేడాలో సగం మరొకటి. మొదటి జత 231, 228. సగటు 229.5, తేడాలో సగం 1.5. రెండో జత 232, 231. సగటు 231.5, తేడాలో సగం 0.5. ఇలా ఎనిమిది జతలకూ రాస్తే రెండు వరసలు వస్తాయి:

```
a: 229.5 231.5 229.5 228.5 222.5 212.5 215 214
d: 1.5 0.5 -1.5 0.5 8.5 -0.5 1 1
```

పై వరస సిగ్నల్‌కు సగం పొడవున్న ముతక రూపం. కింది వరసను డీటెయిల్స్ అంటారు. ఒక స్థాయి హార్ పరివర్తన అంటే ఇంతే, ఇంకేమీ లేదు. పదహారు అంకెలిచ్చాం, పదహారు అంకెలు తిరిగొచ్చాయి, ఏదీ పోలేదు. సగటుకు తేడాలో సగం కలిపితే జతలో మొదటి కొలత వస్తుంది, తీసేస్తే రెండోది వస్తుంది. 229.5కు 1.5 కలిపితే 231, తీస్తే 228.

సమాచారం పెరగలేదు, తరగలేదు. మరి ఒరిగిందేమిటి? కింది వరసను ఇంకోసారి చూడండి. ఏడు అంకెలు ఒకటిన్నర లోపే ఉన్నాయి. ఒక్కటి మాత్రం 8.5. నిలకడగా ఉన్న సరఫరాలో పక్కపక్క సెకన్ల అసలు విలువ ఒకటే కాబట్టి తీసివేతలో అది కొట్టుకుపోయి రొద ఒక్కటే మిగులుతుంది. ఎనిమిదిన్నర వచ్చిన ఐదో జతలోనే 231 నుంచి 214కు పడింది. రొద చిన్న చిన్న అంకెలుగా వరసంతా పరుచుకుంటే, అంచు మొత్తం ఒక్క పెద్ద అంకెలోకి చేరింది. అసలు కొలతల్లో కలగలిసిపోయి ఉన్నవి ఇక్కడ సైజును బట్టి విడిపోయాయి.

ఈ జతల లెక్క వెనకున్న మనిషి ఆల్‌ఫ్రెడ్ హార్. 1885లో బుడాపెస్ట్‌లో పుట్టిన హంగేరీ గణితవేత్త. జర్మనీలోని గోటింగెన్‌లో డేవిడ్ హిల్బర్ట్ దగ్గర చేసిన పరిశోధనకు 1909లో డాక్టరేట్ పొందాడు. ఆ పని మరుసటి ఏడాది అచ్చయింది. ఆయన దృష్టిలో రొద లేదు, కరెంటూ లేదు. ఫూరియే శ్రేణుల్లో ఒక ఇబ్బంది ఉంది: తెగిపోకుండా సాగే ప్రమేయానికి కూడా ఆ శ్రేణి కొన్నిచోట్ల విలువ తేలకుండా పోవచ్చు. అలా జరగని వ్యవస్థ ఏదైనా ఉందా అన్నది ఆయన ప్రశ్న. దానికి జవాబుగా మెట్లలా ఉండే ఈ ప్రమేయాలను కట్టాడు. వేవ్‌లెట్ అన్న పేరు స్థిరపడింది 1980లలో. హార్ అప్పటికి లేడు, 1933లోనే పోయాడు.

మళ్లీ మన అంకెల దగ్గరికి వద్దాం. ఏది చిన్నది, ఏది పెద్దది అని తేల్చడానికి ఒక హద్దు కావాలి. దానికే త్రెషోల్డ్ అని పేరు. హద్దుకు లోపలున్న డీటెయిల్‌ను సున్నా చేస్తాం, దాటినదాన్ని ఉంచుతాం. మన ఎనిమిది అంకెలకైతే రెండుకీ ఎనిమిదికీ మధ్య ఎక్కడ గీత గీసినా సరిపోతుంది. వేల కొలతలున్నప్పుడు కళ్లతో గీయడం కుదరదు. అందుకని స్టాన్‌ఫర్డ్‌కు చెందిన డేవిడ్ డోనోహో, ఇయాన్ జాన్‌స్టన్ 1994లో వెలువరించిన వ్యాసంలోని సూత్రాన్ని చాలామంది వాడతారు. రొద సైజును సిగ్మా అనుకుంటే, హద్దు = σ√(2 ln n). ఇక్కడ n అంటే కొలతల సంఖ్య.

ఈ సూత్రం ఉద్దేశం తేలికే. పూర్తిగా రొదే ఉన్న అంకెలు ఎన్ని ఎక్కువగా ఉంటే, వాటిలో ఒకటి అనుకోకుండా పెద్దదయ్యే అవకాశం అంత పెరుగుతుంది. కాబట్టి హద్దు కూడా కాస్త పైకి జరగాలి. ఆ జరగడం మాత్రం చాలా నెమ్మది. పదహారు కొలతలకు హద్దు సిగ్మాకు 2.35 రెట్లు, వెయ్యికి 3.7 రెట్లు, పది లక్షలకు 5.3 రెట్లు. ఇంత పైన గీసిన గీతను వట్టి రొద దాటడం అరుదు.

సిగ్మా ఎంతో ఎవరు చెబుతారు? డీటెయిల్సే చెప్పాలి. అందరికీ అలవాటైన ప్రామాణిక విచలనం ఇక్కడ వాడకూడదు, ఎందుకో లెక్క వేస్తేనే తెలుస్తుంది. ఎనిమిది డీటెయిల్స్‌ను వర్గం చేసి, సగటు తీసి, వర్గమూలం కడితే 3.15 వస్తుంది. హద్దు 7.4 అవుతుంది. మన 8.5 తృటిలో గట్టెక్కుతుంది. అదే సిగ్నల్‌లో ఇంకో జతలో కూడా అంతే పెద్ద పతనం ఉంటే హద్దు పదికి పైకి పోతుంది, రెండు అంచులూ రొద కింద కొట్టుకుపోతాయి. సిగ్నల్ పెద్దదైనకొద్దీ దాన్నే రొద అనుకునే లెక్క ఇది.

మధ్యగతం అలా మోసపోదు. గుర్తులు వదిలేసి డీటెయిల్స్‌ను చిన్నదాని నుంచి పెద్దదానికి పేర్చితే 0.5, 0.5, 0.5, 1, 1, 1.5, 1.5, 8.5. మధ్యలో ఉన్నవి రెండూ 1, కాబట్టి మధ్యగతం 1. చివర ఉన్నది 8.5 అయినా 85 అయినా ఇది మారదు. సాధారణ విభాజనంలో సగం విలువలు సున్నాకు అటూ ఇటూ 0.6745 సిగ్మా లోపలే ఉంటాయి. అందుకే మధ్యగతాన్ని 0.6745తో భాగిస్తే సిగ్మా వస్తుంది: 1.48. దాన్ని 2.35తో గుణిస్తే హద్దు దాదాపు 3.5.

ఏడు డీటెయిల్స్ సున్నా అయ్యాయి, 8.5 ఒక్కటే మిగిలింది. ఇప్పుడు వెనక్కి కట్టాలి. సున్నా అయినచోట జతలో రెండు కొలతలూ సగటే అవుతాయి. ఐదో జతలో 222.5కు 8.5 కలిపితే 231, తీస్తే 214. ఫలితం ఇది:

```
229.5 229.5 231.5 231.5 229.5 229.5 228.5 228.5
231 214 212.5 212.5 215 215 214 214
```

అంచు ఉన్నచోటే ఉంది, నిటారుగానే ఉంది. వర్గాల మొత్తం 32 నుంచి 17.5కు దిగింది. ఏ హద్దూ పెట్టకుండా అన్ని డీటెయిల్స్‌నూ సున్నా చేసి ఉంటే, అంటే ఉత్త సగటు తీసి ఉంటే, ఆ మొత్తం 145 అయ్యేది. రొద తీస్తానని బయలుదేరి నాలుగున్నర రెట్లు తప్పు పెంచినట్టు. ఆ తప్పులో 128.5 ఒక్క ఐదో జతలోనే ఉంది.

మనం వాడినది హార్డ్ త్రెషోల్డ్: ఉంచితే పూర్తిగా ఉంచు, తీస్తే పూర్తిగా తీసెయ్. సాఫ్ట్ త్రెషోల్డ్ అని ఇంకోటి ఉంది. అందులో హద్దు దాటిన అంకెలో నుంచి కూడా హద్దును మినహాయిస్తారు. 8.5లోంచి 3.5 పోతే 5 మిగులుతుంది. ఐదో జత 227.5, 217.5గా తిరిగొస్తుంది. అంచు రెండువైపులా మూడున్నరేసి వోల్టులు అరిగింది, వర్గాల మొత్తం 35 అయింది. అసలు కొలతలకున్న 32 కన్నా ఎక్కువ. కొలతలను ముట్టుకోకుండా వదిలేసినా ఇంతకన్నా నయమే!

అలాగని సాఫ్ట్ చెడ్డదేం కాదు. హార్డ్‌లో హద్దు 3.5 అయితే 3.4 మాయమవుతుంది, 3.6 చెక్కుచెదరకుండా నిలుస్తుంది. ఎక్కడో ఒక రొద అంకె గీత దాటితే, నున్నటి గీతలో ఒంటరిగా ఒక ముల్లు మొలుస్తుంది. సాఫ్ట్‌లో ఆ అంకె కుంచించుకుపోయి ముల్లు కనబడదు. నెమ్మదిగా మారే సిగ్నల్‌కు, కంటికి ఇంపుగా ఉండాల్సిన చిత్రాలకు అది నప్పుతుంది. మోటారు ఎప్పుడు ఆన్ అయింది, ఎంత వోల్టేజి పడింది అన్నది కావాలంటే హార్డే వాడాలని నా అభిప్రాయం.

ఇదే పని కంప్యూటర్లో చేయాలంటే పైథాన్‌లో PyWavelets అనే లైబ్రరీ ఉంది:

```python
import numpy as np
import pywt

x = np.array([231, 228, 232, 231, 228, 231, 229, 228,
              231, 214, 212, 213, 216, 214, 215, 213], float)
a, d = pywt.dwt(x, 'haar')
sigma = np.median(np.abs(d)) / 0.6745
t = sigma * np.sqrt(2 * np.log(len(x)))
d = pywt.threshold(d, t, mode='hard')
y = pywt.idwt(a, d, 'haar')
```

నడిపి చూస్తే ఫలితం మనదే వస్తుంది కానీ మధ్యలోని అంకెలు వేరుగా కనిపిస్తాయి. 8.5 బదులు 12.02 ఉంటుంది, హద్దు 4.94 అవుతుంది. లైబ్రరీ 2తో కాకుండా √2తో భాగిస్తుంది, అంతే. అలా చేస్తే అసలు కొలతల్లో రొద ఎంతో డీటెయిల్స్‌లోనూ అంతే ఉంటుంది, కాబట్టి సిగ్మాను నేరుగా వోల్టుల్లో చదవొచ్చు. ఇక్కడ 2.1 వస్తుంది. మనం కలిపిన రొద నిజానికి 1.4. ఎనిమిదే ఎనిమిది డీటెయిల్స్‌తో వేసిన అంచనా ఇలా ముతకగానే ఉంటుంది. కొలతలు వందల్లో ఉంటే దగ్గరపడుతుంది. ఒక జాగ్రత్త: `mode` రాయడం మరిచిపోతే లైబ్రరీ సాఫ్ట్‌నే వాడుతుంది.

రొద 32 నుంచి 17.5కే ఎందుకు ఆగింది? ఒక్క స్థాయితో సాధ్యమయ్యేది దాదాపు అంతే కనుక. రొదకు అంచులాగా ఒకచోట చేరే గుణం లేదు. జతలో దాని సగం శక్తి తేడాలోకి వెళ్తుంది, మిగతా సగం సగటులోకి వెళ్తుంది. మనం తేడాలనే ముట్టుకున్నాం, సగటుల్లోకి చేరిన రొద జోలికే పోలేదు. పైన ఫలితంలో 231.5, 228.5 లాంటి అంకెలు ఇంకా ఉన్నది అందుకే. హద్దును ఎంత పెంచినా సగటులోని రొదకు ఏమీ కాదు, అంచులు మాత్రం పోతాయి. చాలామంది చేసే పొరపాటు ఇదే: ఇంకా రొద కనబడుతోందని హద్దు పెంచుతూ పోతారు.

రెండో చిక్కు జతలు ఎక్కడ మొదలయ్యాయన్నది. మన పతనం తొమ్మిదో సెకనుకూ పదో సెకనుకూ మధ్య ఉంది, అవి రెండూ ఒకే జతలో పడ్డాయి. పరికరాన్ని ఒక్క సెకను ఆలస్యంగా ఆన్ చేసి ఉంటే జతలు మారిపోయేవి: రెండు మూడు, నాలుగు ఐదు, అలా వెళ్తే ఎనిమిది తొమ్మిది ఒక జత, పది పదకొండు మరో జత. పతనం రెండు జతల మధ్య సందులో పడుతుంది. అప్పుడు పెద్ద డీటెయిల్ ఒక్కటీ రాదు, అన్నీ రెండు లోపే ఉంటాయి. అయినా అంచు చెడదు, ఎందుకంటే దానికి ఇరువైపులా సగటులు విడివిడిగా ఉన్నాయి. సిగ్నల్ అదే, ఒక్క సెకను జరిపితే డీటెయిల్స్ రూపమే మారిపోతుంది. కాబట్టి ఏదో జతలో పెద్ద డీటెయిల్ లేనంత మాత్రాన అక్కడ మార్పేమీ జరగలేదని అనుకోకూడదు.

రొనాల్డ్ కోయిఫ్‌మన్, డోనోహో కలిసి 1995లో ఈ బలహీనతకే విరుగుడు చూపించారు. రెండు రకాల జతలతోనూ విడివిడిగా శుభ్రం చేసి, రెండు ఫలితాల సగటు తీసుకోవడమే. మన అంకెలకు జతలు జరిపి మళ్లీ చేశాను. మొదటి, చివరి కొలతలకు జత దొరకదు కాబట్టి వాటిని అలాగే ఉంచాను. రెండు ఫలితాలనూ కలిపి సగటు తీస్తే తొమ్మిదో సెకను 230.25, పదో సెకను 213.5. అంచు అరగలేదు. వర్గాల మొత్తం 6.4కు పడిపోయింది. ఇక్కడ అదృష్టం కొంత కలిసొచ్చింది. నిలకడగా ఉన్నచోట ఈ పద్ధతి సగటున రొద శక్తిలో మూడు ఎనిమిదో వంతులు మిగులుస్తుంది, అంటే 32లో 12. అదైనా 17.5 కన్నా మెరుగే కదా.

నిజం ముందే తెలియని చోట, అంటే అసలు పనిలో, వర్గాల మొత్తం కట్టలేం. అప్పుడు చూడాల్సింది తీసేసిన భాగాన్ని. అసలు కొలతల్లోంచి శుభ్రం చేసినవాటిని తీసివేసి గీసి చూడండి. అది ఎటూ మొగ్గకుండా సున్నాకు పైనా కిందా చిందరవందరగా ఉంటే పోయింది రొదే. అంచులున్న చోట జంటగా ఒక పెద్ద పైముక్కా ఒక పెద్ద కిందిముక్కా కనిపిస్తే సిగ్నల్ కూడా పోతోందని అర్థం, హద్దు ఎక్కువైంది. సాఫ్ట్‌లో మన ఐదో జత సరిగ్గా అలాగే దొరికిపోతుంది: మిగతావన్నీ ఒకటిన్నర లోపు ఉంటే అక్కడ మాత్రం +3.5, −3.5.

ఒక రకం తప్పును ఈ పరీక్షా పట్టుకోలేదు. వైరు వదులై ఒక్క సెకను పాటు 260 నమోదైందనుకోండి. ఆ జతలో డీటెయిల్ పదిహేను దాకా వస్తుంది. హద్దు దాన్ని ముఖ్యమైన అంచు అనుకుని భద్రంగా కాపాడుతుంది. రొద చిన్నదిగా, అంతటా ఒకేలా పరుచుకుని ఉంటుందన్న నమ్మకం మీదే ఈ లెక్కంతా నిలబడింది. ఇలాంటి ఒంటరి ముల్లుంటే ముందుగా మూడేసి కొలతల మధ్యగతంతో దాన్ని తీసేసి, తర్వాతే హార్‌కు అప్పజెప్పాలి. ఏటవాలుగా నెమ్మదిగా పెరిగే సిగ్నల్‌తో ఇంకో రకం ఇబ్బంది: ఆ చిన్న చిన్న తేడాలు హద్దు లోపలే ఉండి సున్నా అయిపోతాయి, వాలు కాస్తా రెండేసి సెకన్ల మెట్లుగా మారుతుంది.

సగటుల్లో మిగిలిన రొదను కూడా తీయాలంటే అదే పనిని సగటుల వరస మీద మళ్లీ చేయాలి. మన ఎనిమిది సగటులను జతకడితే డీటెయిల్స్ −1, 0.5, 5, 0.5 వస్తాయి. ఈ స్థాయిలో తేడాల్లోని రొద √2 వంతున తగ్గి ఉంటుంది కాబట్టి హద్దును కూడా అలాగే తగ్గించి 2.5 దగ్గర పెట్టాలి. 5 ఒక్కటే నిలుస్తుంది. వెనక్కి కడితే మొదటి నాలుగు సెకన్లూ 230.5, తర్వాతి నాలుగూ 229, ఆపైన 231, 214, 212.5, 212.5, చివరి నాలుగు సెకన్లూ 214.5. వర్గాల మొత్తం 11.5. అంచు పక్కనున్న నాలుగు సెకన్లకు రెండో స్థాయి ఏమీ చేయలేకపోయింది, వాటిని మొదటిసారి వచ్చినట్టే వదిలేసింది. నిలకడగా ఉన్న మిగతా పన్నెండు సెకన్లలోనే లాభం వచ్చింది.